జ్యోతి అక్కకు బరంపురం నుంచి

గౌరవనీయులైన జ్యోతి యర్రాజి అక్కకు నమస్కారాలు.

నేను బరంపురంలో తెలుగు మీడియంలో పదో తరగతి చదువుతున్నాను. మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. విశాఖపట్నం అమ్మాయైన మీరు మా ఒడిశాలోనే, భువనేశ్వర్‌లో శిక్షణ పొందారని తెలిశాక మీరు మా మనిషే అనిపించింది. నేను కూడా హర్డిల్స్ పరిగెడతాను. అందుకే కొన్ని సంగతులు అడుగుదామని రాస్తున్నాను.

మొదటిది మూడడుగుల సంగతి. హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 8.5 మీటర్లుంటే మీరు మూడే అడుగుల్లో వెళ్లిపోతారు. నాకు రెండు హర్డిల్స్ వరకు సరిపోతుంది. మూడోదానికి అడుగు చాలక నాలుగు పడతాయి. అప్పుడు అలవాటైన కుడి కాలికి బదులు ఎడమ కాలు ముందు లేవాలి. అక్కడే తడబడతాను.

మా పీటీ సార్ చూసి, "నువ్వు దాటడం లేదే, ఎగురుతున్నావు" అన్నారు. ఎక్కువసేపు గాల్లో ఉంటే వేగం పోతుందట, దిగాక అడుగు చిన్నదవుతుందట. మాకు అసలు హర్డిల్స్ లేవు. ఇటుకల మధ్య వెదురుకర్ర బిగించి కట్టేవాళ్లం. అసలు హర్డిల్‌కి కాలు తగిలితే ముందుకు పడిపోతుంది, మా కర్ర పడదు. ఆ భయంతోనే నేను ఎత్తుగా ఎగిరేదాన్ని. సార్ కట్టు విప్పించి, కర్రను ఇటుకల మీద ఊరికే పెట్టించారు. మధ్య దూరం 7.5 మీటర్లకు తగ్గించి, మెల్లమెల్లగా పెంచుతున్నారు. ఇప్పుడు 8 మీటర్లకు వచ్చాను. మీరు మొదట్లో ఎలా నేర్చుకున్నారక్కా? పొద్దున ఎన్నింటికి లేచేవారు? పరుగుకు ముందు ఏం తినేవారు?

రెండోది రికార్డు సంగతి. 2020లో మూడబిద్రిలో మీరు 13.03 సెకన్లలో పరిగెత్తారు. డోప్ పరీక్ష జరగలేదని అది లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. వెనకగాలి సెకనుకు 2 మీటర్లు దాటకూడదు, ఆ రోజు 2.1 ఉందట. అదీ పోయింది. మే నెలలో సైప్రస్‌లో 13.23తో, మా ఒడిశా అనురాధా బిస్వాల్ గారి 2002 నాటి 13.38 రికార్డు దాటారు. లెక్కలోకి వచ్చిన ఆ పరుగు, రాని రెండింటికంటే నెమ్మదే! కోళికోడ్ మర్నాడు పొద్దున మీరు మైదానానికి వెళ్లారా? వెళ్తే ఏం చేశారు?

ఆఖరిది ఇంటి సంగతి. మా అమ్మ అప్పడాలు ఒత్తుతుంది. పది పరీక్షలయ్యాక పరుగు మానెయ్యమంటోంది. మీ నాన్నగారు సెక్యూరిటీ గార్డుగా చేసేవారని చదివాను. కొత్త బూట్లు కావాలని ఇంట్లో ఎలా అడిగేవారక్కా? మీ జవాబు వస్తే అమ్మకు నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ చెల్లెలు,
పదో తరగతి, బరంపురం