మూడ్ వచ్చాక రాద్దాంలే

గతేడాది నాలుగు నెలలు ఒక్క సమీక్ష కూడా రాయలేదు. మూడ్ వచ్చాక రాద్దాంలే అని లాప్‌టాప్ మూసేసి, ఫోన్ పట్టుకుని పడుకునేవాణ్ణి. మూసిన క్షణం హాయిగా ఉండేది. చిక్కంతా ఆ హాయిలోనే ఉందన్నారు మా కౌన్సెలర్. తప్పించుకోగానే ఊరట దొరుకుతుంది, ఆ ఊరటే మళ్లీ తప్పించుకోవడం నేర్పుతుంది. ఈలోపు పనిలో దొరికే చిన్న చిన్న సంతోషాలు ఆగిపోయి మనసు ఇంకా కుంగుతుంది. ఈ చక్రాన్ని పని వైపు నుంచి తెంపడమే బిహేవియరల్ యాక్టివేషన్.

ముందు ఒక వారం, ఏ గంటకి ఏం చేశానో, మూడ్ పదికి ఎంతో రాయమన్నారావిడ. ఫోన్ గంటలన్నీ 2, 3. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసిన గంట మాత్రం 6. అదీ వెళ్లాలనిపించి కాదు, ఫ్రెండ్ లాక్కెళ్తే వెళ్లాను.

తర్వాత రోజూ రెండు గంటలు రాయాలని పెట్టుకుని, మూడో రోజే మానేశాను. ఆవిడ దాన్ని బద్ధకం అనలేదు, మెట్టు ఎత్తుగా ఉందన్నారు. ఉదయం ఏడింటికి, మూడ్ ఎలా ఉన్నా సరే, ఒక్క వాక్యం రాయడానికి తగ్గించాం. మొదటి రోజు 2 కాస్తా 3 అయింది, అంతే. మూడో వారంలో ఒకరోజు ఏడు కాకముందే వాక్యం తట్టింది. ఎదురుచూసిన మూడ్ అప్పుడొచ్చింది, పని వెనకాలే.