మన పేజీని నిజంగా ఎవరైనా తొక్కేశారా?



పోయిన నెల కమిటీ మీటింగులో పుట్టిన ఒక మాట గొడవ దాకా వెళ్ళింది. పిల్లల చదువు సాయం దరఖాస్తుల గురించి మన ఫేస్‌బుక్ పేజీలో మేము పెట్టిన పోస్టు 82 మందికే చేరింది. గడువు ముగిసేసరికి మూడు దరఖాస్తులే వచ్చాయి. “తమిళనాట తెలుగులో రాస్తే ఇట్లాగే తొక్కుతారు, మన పేజీకి షాడోబ్యాన్ పడింది” అన్నారు ఒకరు. “మనవాళ్ళే ఎవరో రిపోర్టు కొట్టారు” అన్నారు ఇంకొకరు. ఆ ఎవరో ఎవరని తేల్చబోయి ఇద్దరు పెద్దవాళ్ళు మాటలు మానేశారు. ఇది చాలదని 3,000 రూపాయలిస్తే బ్యాన్ తీయిస్తానని ఒకాయన ఫోను చేశాడు.

షాడోబ్యాన్ అంటే మనకు చెప్పకుండా మన పోస్టును దాచేయడం. మనకు మాత్రం అది మామూలుగానే కనిపిస్తుంటుంది. అందుకే ఎవరికైనా అనుమానం రావడం సులువు, పోవడం కష్టం.

మేము చదివింది తమిళ మీడియంలో. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాం, తప్పులుంటే మన్నించండి. అయితే రైల్వేలో టికెట్ల లెక్క రాసి రాసి ఒకటి బాగా తెలుసు. పొంగల్ ముందురోజు అమ్మకం చూసి, మరుసటి వారం మామూలు మంగళవారం అమ్మకం చూసి, రైలు ఎవరో ఆపేశారని ఏ గుమాస్తా అనడు. అందుకని పేజీ లెక్క కూడా తీసి కూర్చున్నాం.

ఆ పోస్టుకు ముందు పెట్టిన పది పోస్టులు ఎంతమందికి చేరాయో ఒక కాగితం మీద రాశాం: 310, 180, 95, 420, 150, 260, 75, 2,900, 200, 120. సగటు తీస్తే 471 వస్తుంది. దాని పక్కన 82 పెడితే గుండె జారుతుంది. కానీ ఆ 2,900 ఒక్కటీ పొంగలికి మన ఆడవాళ్ళు వేసిన కోలాటం వీడియోది. ఎవరెవరో షేర్ చేయడంతో, చూసినవాళ్ళలో దాదాపు 2,300 మంది మన పేజీని ఫాలో అవనివాళ్ళే. ఆ ఒక్క పోస్టే సగటును పైకి లాగింది. సగటు వదిలేసి, పది అంకెలను చిన్నది మొదలు పెద్దది దాకా వరుసగా పెట్టి నడిమి రెండూ చూశాం: 180, 200. అంటే మన మామూలు రీచ్ 190 దగ్గర. కోలాటం తీసేస్తే 75 నుంచి 420 దాకా ఊగడం మనకు సహజం. 82 తక్కువే, కానీ ఆ ఊగుడు లోపలే ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇప్పుడు ఫేస్‌బుక్ Views అని ముందు చూపిస్తోంది. ఒకే మనిషి రెండుసార్లు చూస్తే అది రెండు. రీచ్ అంటే మనుషుల లెక్క. పాత రీచ్‌ను కొత్త వ్యూస్‌తో పోలిస్తే లెక్క తప్పుతుంది.

తరువాత శిక్ష ఏమైనా పడిందా అని చూశాం. పేజీలోకి వెళ్ళి Professional dashboard తెరిస్తే Page status ఉంటుంది. నియమం తప్పామని పేజీకి ఆంక్ష పెట్టి ఉంటే అక్కడ కనిపిస్తుంది. తీర్పు ఒప్పుకోకపోతే చాలాసార్లు మళ్ళీ చూడమని అడిగే వీలూ ఉంటుంది. మన ఆఫీసు మెమో లాంటిదనుకోండి. మన పేజీకి అలాంటిదేమీ లేదు.

మూడో పరీక్ష, ఆ తరువాతి పోస్టు. రెండు రోజుల తరువాత పాత ఊరి గుడి ఫోటో పెడితే 360 మందికి చేరింది. అదీ తెలుగులో రాసిందే. పేజీ మొత్తానికి శిక్ష పడి ఉంటే, అన్ని రకాల పోస్టులూ ఒకే రోజు నుంచి పడిపోయి అలాగే ఉండేవి. ఫాలో అవనివాళ్ళ సంఖ్య మరీ అడుగంటేది. ఇక్కడ పడింది ఒక్క పోస్టే. మరి అదెందుకు పడింది? రాత్రి పదకొండింటికి పెట్టాం. ఫారం మొత్తాన్ని చిన్న అక్షరాలతో ఒక బొమ్మగా పెట్టాం. మొదటి గంటలో ఒక్క కామెంటూ లేదు. చూసినవాళ్ళు ఆగి చదవని పోస్టును ఫేస్‌బుక్ ఇంకొకరికి చూపించడానికి తొందరపడదు.

“మా ఫోనులో కనిపించలేదు కదా” అన్నవాళ్ళకు ఒక మాట. ఫేస్‌బుక్ ప్రతి ఒక్కరికీ వేరే వరుసలో చూపిస్తుంది. మన పేజీలో ఎన్నడూ లైక్ కొట్టనివాళ్ళకు మన పోస్టు వెనక్కి పోతుంది. మెనూలో Feeds అని ఉంటుంది, అక్కడ మనం ఫాలో అయ్యేవాళ్ళ కొత్త పోస్టులు వరుసగా వస్తాయి. అందులో మన పోస్టు ఉంటే దాన్ని పూర్తిగా దాచలేదని అర్థం. అయితే వెనక్కి నెట్టలేదని మాత్రం దీనితో తేలదు.

రిపోర్టుల సంగతి. ఎంతమంది రిపోర్టు కొట్టారన్న లెక్కను బట్టి పోస్టును తీసేయమని ఫేస్‌బుక్ తన సహాయ పేజీలోనే చెబుతుంది. పోస్టు నియమం తప్పిందా లేదా అన్నదే చూస్తారట. “నా పోస్టులు పాతికమందికే కనిపిస్తున్నాయి, దీన్ని కాపీ చేసి పెట్టండి” అని తిరిగే సందేశం కూడా పుకారే. అలాంటి పరిమితి లేదని ఆ సంస్థ 2019లోనే చెప్పింది. 3,000 అడిగినాయన చేతిలో ఏ స్విచ్చూ లేదు. పాస్‌వర్డు ఇచ్చి ఉంటే పేజీయే పోయేది.

అలాగని శిక్షలే లేవని కాదు, నోటీసు లేని తగ్గింపులూ ఉన్నాయి. నిరుడు మేమే “తెలుగువాడివైతే లైక్ కొట్టు, పదిమందికి షేర్ చెయ్యి” అని వారం పొడుగునా పెట్టాం. ఇట్లా లైకులు, షేర్లు గుంజే పోస్టులను వెనక్కి నెడతామని, అదే పనిగా పెట్టే పేజీలకు ఇంకా తగ్గిస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది. ఆ వారంలో అవి 40 దాటలేదు. తరువాత పెట్టిన మంచి ఫోటోలు కూడా మూడు వారాలు 60 దగ్గరే ఆగాయి. ఒక్కటైనా 75ను తాకలేదు. ఏ మెమో రాలేదు కాబట్టి శిక్షేనని రుజువు చేయలేం. కానీ అన్ని రకాలూ కలిసి పడ్డాయి, కింది గీత దాటి పడ్డాయి, వారాల తరబడి లేవలేదు, వెనక మా తప్పు ఒకటి ఉంది. ఈ నాలుగూ కలిస్తేనే అనుమానించాలి. అవి ఆపేశాక నెల దాటేసరికి మామూలుకు వచ్చాం.

ఈ లెక్క కాగితం పట్టుకుని ఆ ఇద్దరు పెద్దల ఇళ్ళకూ వెళ్ళాం. ఒకాయన చదివి “అయితే ఎవరూ కొట్టలేదన్నమాట” అని కాఫీ ఇప్పించారు. రెండో ఆయన ఇంకా అలిగే ఉన్నారు.

దరఖాస్తు గడువు పదిహేను రోజులు పెంచాం. ఈసారి పోస్టును నమ్ముకోకుండా సభ్యుల పుస్తకం ముందు పెట్టుకుని, చదువుకునే పిల్లలున్న ఇళ్ళకు ఫోన్లు చేశాం. పదకొండు దరఖాస్తులు వచ్చాయి. పోస్టు చేరని ఇంటికి అప్పుడే ఫోను చేయాల్సింది మేము. ఆ తప్పు ఫేస్‌బుక్‌ది కాదు, మాదే.