ముగ్గురికి ఒక్క మానిటర్

మానిటర్ డబ్బా మీద ‘వ్యూయింగ్ యాంగిల్ 178 డిగ్రీలు’ అని ఉంటుంది. ఐపీఎస్ డబ్బా మీదా అదే, వీఏ డబ్బా మీదా అదే. అయితే రెండూ పక్కనుంచి ఒకేలా కనిపిస్తాయా? కనిపించవు. మామూలుగా కాంట్రాస్ట్ 10:1కి పడిపోయేదాకా ఉన్న కోణాన్ని ఆ అంకెగా వేస్తారు. అంటే బొమ్మ కనిపిస్తుందని మాత్రమే హామీ. రంగులు మారవని కాదు.

మా హాస్టల్ గదిలో ముగ్గురం. నేను ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బులతో సహా ముగ్గురివీ కలిపితే ఒక్క మానిటరే వస్తుంది. పగలు నా కోడింగ్, సాయంత్రం ఒకడి షూటింగ్ గేములు, రాత్రి అందరికీ సినిమా. సినిమా అంటే ఒకడు కుర్చీలో, ఒకడు పక్క మంచం మీద, ఒకడు కింద చాప మీద.

“టీఎన్ చాలు కదరా, ఫాస్ట్‌గా ఉంటుంది” అన్నాడు గేములవాడు. ఫాస్టే. కానీ టీఎన్‌ని కిందనుంచి చూస్తే బొమ్మ నల్లబడి, కొన్ని రంగులు తిరగబడతాయి. చాప మీదవాడి పని అయిపోయినట్టే.

ఇక వీఏ. దాని కాంట్రాస్ట్ 3000:1 దాకా ఉంటుంది, ఐపీఎస్‌ది 1000:1 దగ్గర. తెలుపు 250 నిట్లు అనుకుంటే, వీఏలో నలుపు 0.08 నిట్, ఐపీఎస్‌లో 0.25. చీకటి గదిలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కానీ మా గదిలో ఎవడో ఒకడు చదువుతూనే ఉంటాడు, ట్యూబ్‌లైట్ ఆరదు. ఆ వెలుతురు తెర మీద పడి ఒక్క నిట్ తిరిగొచ్చినా, వీఏ కాంట్రాస్ట్ సుమారు 230కి, ఐపీఎస్‌ది 200కి దిగిపోతాయి. మూడు రెట్ల తేడా కాస్తా దాదాపు మాయం! పైగా పక్క మంచం మీదనుంచి చూస్తే వీఏలో ముదురు రంగులు వెలిసినట్టు అవుతాయి.

గేముల్లో ఇంకో చిక్కు. 144 హెర్ట్జ్ అంటే ఒక్కో ఫ్రేముకి 7 మిల్లీసెకన్లే. చాలా వీఏ తెరల్లో నలుపు నుంచి ముదురు బూడిదకి మారడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. అందుకే చీకటి మ్యాపుల్లో కదిలే బొమ్మ వెనక నల్లటి మరక సాగుతుంది. షాపులోనే పట్టేయొచ్చు: ముదురు బూడిద పేజీ మీద నల్లక్షరాలు పెట్టి గబగబా స్క్రోల్ చేయండి. తర్వాత పక్కకి జరిగి, కిందకి కూర్చుని ఒక ముఖం ఫోటో చూడండి. డెమో వీడియోలు ఎక్కువగా వెలుగు రంగులే, వాటిలో ఇవేవీ బయటపడవు.

మేం ఐపీఎస్ తీసుకున్నాం. లైటార్పితే మూలల్లో తెల్లటి మసక మెరుపు కనిపిస్తుంది, నలుపు బూడిదలా ఉంటుంది. అది తెలిసే తీసుకున్నాం. మీరు ఒక్కరే, ఎదురుగా కూర్చుని, చీకట్లో సినిమాలు చూసేవాళ్లయితే మాత్రం వీఏనే తీసుకోండి.