ఖైరియత్ అడగని సలాం

మా ఖాలూ ఇంతెఖాల్ అయిన ఖబర్ నాకు రెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. అప్పుడు పని మీద ముంబైల ఉన్న. రైలు దిగి, హైదరాబాద్‌ల బస్సెక్కి నల్గొండ చేరేసరికి మూడో రోజు, జియారత్ నాడు, జొహర్ నమాజ్ కూడా అయిపోయింది. ఆటోల పోతుంటే లతీఫ్ సాహెబ్ గుట్ట కనబడ్డది. చిన్నప్పుడు ఖాలూ నన్ను భుజాల మీద కూసోబెట్టుకొని ఆ గుట్ట ఎక్కిన సంగతి యాదికొచ్చి కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. దుఃఖం లేక కాదు. కానీ గడప కాడికి పోంగనే నోరు తన అలవాటు ప్రకారం తెరుచుకుంది.

“అస్సలాము అలైకుమ్ ఖాలా! ఖైరియత్?”

గొంతు కూడా అలవాటు గొంతే. ఎన్నాళ్ళకో ఇంటికొచ్చినోడి గొంతు. దాలాన్‌ల జానిమాజులు పరుచుకొని సిపారాలు చదువుతున్న ఆడోళ్ళు తలలెత్తి చూసిండ్రు. మూలకు కూసున్న ఖాలా నన్ను చూసింది. ఆమె నోరు కూడా అలవాటు ప్రకారమే జవాబిచ్చింది. “వాలేకుం సలాం బేటా. అల్హందులిల్లాహ్, సబ్ ఖైరి...”

అక్కడ ఆగిపోయింది. తను ఏమంటున్నదో తనకే వినబడ్డట్టుంది. ఓణీ కొంగు నోట్ల కుక్కుకొని గోడ దిక్కు తిరిగింది. అప్పటిదాక సప్పుడు లేకుండ ఉన్న ఇంట్ల మళ్ళ ఏడుపు మొదలైంది.

నన్ను ఎవ్వరు ఏమనలే. అమ్మీ వచ్చి చెయ్యి పట్టుకొని బయట వరండాల కూసోబెట్టింది. ఆ రాత్రి ఇంటికొచ్చినంక మాత్రం ఒక్కటే మాట అన్నది. “మయ్యత్ ఇంట్ల ఖైరియత్ అడగరు బేటా. ఆమె ఏం చెప్పాలె?”

ఆ మాట నన్ను శాన రోజులు వదల్లే.

“ఖైరియత్?” అనేది మనకు సగం సలాం లాంటిది. తెలుగుల “బాగున్నరా?” అన్నా అంతే. దానికి జవాబు ముందే రాసిపెట్టి ఉంటది. జొరం వచ్చినా, జేబుల పైస లేకున్నా “అల్హందులిల్లాహ్, సబ్ ఖైరియత్” అంటం. మామూలు రోజుల్ల ఆ చిన్న అబద్ధం ఎవరికీ బరువు కాదు. కానీ మొగడు పోయిన మూడో రోజు ఆమెకు మిగిలినవి రెండే తోవలు. ఖైరియతే అని అబద్ధం చెప్పాలె, లేదంటే కాదు అని చెప్పి అందరి ముందట మళ్ళ కూలిపోవాలె. గట్టిగ, నవ్వు మొఖంతోని పలకరిస్తే ఇంకో బరువు కూడ పడ్తది. ఆ గొంతుకు సరిపోయే గొంతు ఆమె తన లోపట్నుంచి తీసి ఇయ్యాలె. ఓదార్చనీకి పోయినోళ్ళం ఆమె దగ్గరనే ఏదో వసూలు చేసినట్టు అయితది. పుర్సా అంటే ఇచ్చేది. మన బోలీల “పుర్సా దేనా” అంటం గని “లేనా” అనం కదా.

మరి సలాం కూడ చెప్పొద్దా? మన దిక్కు కొందరు పెద్దలు మయ్యత్ ఇంట్ల సలామే చెయ్యొద్దంటరు. ఈ మాట సరిగ్గ తెల్సుకోవాలని మా మహల్లా మస్జిద్ ఇమాం సాబ్‌ను అడిగిన. ఆయన ఒక హదీస్ చెప్పిండు. సహీ బుఖారీల ఉన్నది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం బిడ్డ ఇంట్ల ఒక పసిప్రాణం పోయే హాలత్‌ల ఉంటే, ఆమె అబ్బాకు కబురు పంపింది. ఆయన మొదలు ఒక మనిషితోని సలాం చెప్పి పంపిండు. ఆ సలాం ఎనక ఇంకో మాట. తీసుకున్నది అల్లాదే, ఇచ్చింది కూడ అల్లాదే, ప్రతిదానికీ ఒక గడువు ఉన్నది, సబర్ చెయ్యమని దాని సారాంశం. ఆమె రమ్మని ఒట్టు పెడితే తర్వాత స్వయంగ పోయిండు. పిల్లగానిని చేతులకు తీసుకున్నంక ఆయన కండ్లు కారినయ్. ఇదేందని పక్కనున్న సహాబీ అడిగితే, ఇది అల్లా తన బందాల దిల్‌లల్ల పెట్టిన రహ్మత్ అన్నడు.

ఇమాం సాబ్ నన్ను అడిగిండు. “ఇండ్ల ఎన్ని ఉన్నయో చూసినవా? సలాం ఉన్నది, రెండు మాటలు ఉన్నయ్, కన్నీళ్ళు ఉన్నయ్. సవాల్ ఒక్కటన్నా ఉన్నదా?”

లేదు. సలాం దువా. నీ మీద సలామతీ ఉండుగాక అంటున్నం. అందుకే చావు ఇంట్ల దాని అవసరం ఎక్కువే గని తక్కువ కాదు. తప్పు సలాంల లేదు. దాని తోకకు మనం కట్టే “ఖైరియత్?”ల, దాన్ని పలికే గొంతుల ఉన్నది.

పెద్దలు వద్దనడానికి ఒక కారణం నాకు తోస్తది. సలాంకు జవాబివ్వడం వాజిబ్. జియారత్ నాడు ఇల్లంత ఖురాన్ ఖానీ నడుస్తుంటది. తిలావత్ చేసేటోళ్ళకు సలాం చేసి వాళ్ళను ఆపడం మక్రూహ్ అని మన హనఫీ ఉలమాలు చెప్పిండ్రు. బహుశ ఆ ఎహ్‌తియాతే పోంగపోంగ “మయ్యత్ ఇంట్ల సలాం వద్దు” అయిపోయిందేమో. దానికి సులువైన తోవ ఉన్నది. చదివేటోళ్ళు చదువుతుంటే సప్పుడు చేయకుండ పోయి కూసోవాలె. చదవని మజ్లిస్ అయితే గడప కాడ ఒక్కసారి, పక్కనోళ్ళకు వినబడేంత మెల్లగ అనాలె. అందరి తరఫున ఒక్కరు జవాబిస్తే చాలు. ఒక్కొక్కరి దగ్గరికి పోయి సలాం చేసుకుంట తిరగడానికి అది షాదీఖానా కాదు.

సలాం అయినంక ఆ ఇంటివాళ్ళ దగ్గర కూసోని “ఇన్నా లిల్లాహి” చదవాలె. మనమందరం అల్లావాళ్ళమే, ఆయన దగ్గరికే పోయేటోళ్ళం అని. దీన్ల “మీరు” లేదు, “మనం” ఉన్నది. అందుకే అది జాలి చూపినట్టు ఉండదు. ఆ తర్వాత మనకొచ్చిన బోలీల ఒక చిన్న దువా. “అల్లా మర్హూంకు మగ్‌ఫిరత్ ఇయ్యాలె, మీకు సబ్రే జమీల్ ఇయ్యాలె” అంటే చాలు. దీనికి వాళ్ళు “ఆమీన్” అంటరు, లేదంటే ఏమీ అనరు. ఏమీ అనకున్నా చెల్లే మాటలే అక్కడికి పనికొచ్చే మాటలు. పెద్దోళ్ళయితే చెయ్యి చెయ్యిల పట్టుకోవచ్చు. పండుగ నాటి లెక్క గలేమిలోద్దు.

ఆ తర్వాత నోరు మూసుకొని కూసోవడమే. కష్టమైనది ఇదే. ఖాళీగ కూసోలేక “ఎట్లయింది? ఏ దవాఖానకు తీస్కపోయిండ్రు? బీపీ ఉండెనా?” అని మొదలుపెడతం. మనం ఒక్కసారే అడుగుతం గని, ఆమె ఆ కథ పొద్దట్నుంచి నలభై మందికి చెప్పి ఉంటది. తనంతట తను చెప్తే వినాలె, ఎంతసేపైనా వినాలె. చెప్పకుంటే అడగొద్దు. తాజియత్ మూడు రోజుల్లనే చెయ్యాలని, దూరంల ఉన్నోళ్ళకు తప్ప తర్వాత మంచిది కాదని ఫుఖహాలు చెప్పింది కూడ ఇందుకే. మానుతున్న పుండును మళ్ళ మళ్ళ గోకొద్దని.

ఇవన్నీ తెల్సుకున్నంక ఆ జియారత్ నాడు నేను చూసిన ఇంకో సంగతి అర్థమైంది. ఖాలా పక్కింట్ల ఒక అవ్వ ఉంటది, మన ఖౌమ్ కాదు. నేను వరండాల కూసున్నప్పుడు ఆమె వచ్చింది. మన దిక్కు తెలుగోళ్ళు దీన్ని “మందలించి రావాలె” అంటరు. ఆ అవ్వ నమస్తే పెట్టలే, “బాగున్నవా బిడ్డా” అనలే. చెప్పులు ఇడిసి, సీదా పోయి ఖాలా పక్కన కూసోని చెయ్యి మీద చెయ్యి ఏసింది. గంటసేపు అట్లనే ఉన్నది. లేచి పోయేటప్పుడు “పోయొస్త” అని కూడ అనలే. అట్లాంటి ఇంటికి మళ్ళ రావాలని ఎవరు కోరుకుంటరు? అందుకే సావింట్ల ఆ మాట అనరు. అంగి తొడుక్కొని, అరబీ చదువుకొని పోయిన నేను చేయలేనిది ఆ అవ్వ చేసింది.

ఫోన్ సంగతి కూడ చెప్పాలె, ఇప్పుడు సగం పుర్సాలు ఫోన్లనే కదా. మనం “హలో! ఆఁ, ఎవరు, ఆపానా?” అని ఎత్తుకునే గొంతు ఉంటది చూడండి, దాన్ని నంబర్ కొట్టేముందే పక్కన పెట్టాలె. ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకొని చెయ్యాలె. సలాం, పేరు, దువా. “జవాబియ్యకున్నా పర్వాలేదు, యాది చేసిన” అని పెట్టెయ్యాలె. గ్రూపుల అందరితోపాటు “ఇన్నా లిల్లాహి” కొట్టి ఊకోవడం తాజియత్ కాదు, హాజరు పలికినట్టు.

ఖాలాది నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ అయిపోయింది. తర్వాత రంజాన్ వచ్చింది. ఖాలూ లేని మొదటి ఈద్. మనలో మయ్యత్ అయిన ఇంటికి మొదటి ఈద్ నాడు పోయి కూసునే రివాజ్ ఉన్నది. నమాజ్ నుంచి సీదా పోయిన. తోవ పొడుగునా ఒక్కటే ఫికర్. “ఈద్ ముబారక్” అనాల్నా, వద్దా? అంటే మళ్ళ ఆమె దగ్గర్నుంచి సంతోషం అడిగినట్టు. అనకుంటే పండుగ నాడు కూడ ఆమెను చావుల్నే కూసోబెట్టినట్టు. ఈద్ నాడు మాతం లేదు కదా.

గడప కాడ ఆగి, మెల్లగ సలాం ఒక్కటే చేసిన. ఖాలా జవాబిచ్చింది. పోయి పక్కన కూసున్న. ఇద్దరం ఏమీ మాట్లాడలే. ఖాలూ కుర్చీ గోడకు ఆనిచ్చి ఉన్నది, దాని మీద మడిచిన షేర్వానీ. కొద్దిసేపైనంక ఖాలా లేచి బావర్చీఖానాకు పోయింది. గిన్నెల షీర్ ఖుర్మా తెచ్చి నా చేతిల పెట్టింది. నా తల మీద చెయ్యి పెట్టి, గొంతు వణుకుతున్నా తనే అన్నది.

“ఈద్ ముబారక్ బేటా.”

అప్పుడు నేను కూడ అన్న.