కార్డులో ఓ పాజిటివ్

ఆమెది పుంగనూరు దగ్గరి పల్లె. వయసు నలభైకి లోపే. గర్భసంచిలో గడ్డల వల్ల నెలనెలా విపరీతంగా రక్తం పోయి, హిమోగ్లోబిన్ 6కు పడిపోయింది. మదనపల్లెలో ఆపరేషన్ పెట్టుకున్నాం. ముందుగా రెండు యూనిట్ల రక్తం ఎక్కించాలని బ్లడ్ బ్యాంకుకు శాంపిల్ పంపాను. పాత కాన్పు కార్డులో ‘ఓ పాజిటివ్’ అని రాసి ఉంది. "మావాళ్ళు పదిమంది ఉండారు సార్, శానామందిది ఓ నే. ఎంత కావాలన్నా ఇస్తాం" అన్నాడు భర్త.

కాసేపటికి టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "ఒక్క ఓ బ్యాగు కూడా కలవడం లేదు సార్. ఏది పెట్టినా ముద్ద కడుతోంది."

క్రాస్‌మ్యాచ్‌లో చేసేది ఇదే. రోగి సీరమ్‌లో దాత ఎర్రకణాలు కలిపి చూస్తారు. కణాలు విడివిడిగా ఉంటే ఆ రక్తం ఎక్కించవచ్చు. గింజలు గింజలుగా ముద్ద కడితే ఎక్కించకూడదు. ట్యూబులో ముద్ద కట్టే రక్తం ఒంట్లోకి వెళితే నరాల్లోనే ఎర్రకణాలు పగిలిపోతాయి. చలిజ్వరం, నడుంనొప్పి, మూత్రం ఎర్రగా రావడం, తర్వాత కిడ్నీలు దెబ్బతినడం. మత్తులో ఉన్న మనిషి నొప్పి చెప్పలేదు. బీపీ పడిపోవడం, యూరిన్ బ్యాగు ఎర్రబడటం చూసి మేమే పసిగట్టాలి. చాలాసార్లు అప్పటికే ఆలస్యమై ఉంటుంది.

మరి ఓ రక్తం ఓ మనిషికి ఎందుకు పడలేదు? ఎర్రకణం పైన హెచ్ అనే పదార్థం పునాదిలా ఉంటుంది. దానిమీద ఒక రకం చక్కెర చేరితే ఏ గ్రూపు, ఇంకో రకం చేరితే బి, రెండూ చేరితే ఏబీ. ఏదీ చేరక వట్టి హెచ్ మిగిలితే ఓ. మన కణాల మీద ఏది లేదో దానికి విరుగుడుగా యాంటీబాడీలు రక్తంలో పసితనంలోనే తయారవుతాయి. అందుకే ఏ వాళ్ళకు బి పడదు, బి వాళ్ళకు ఏ పడదు. ఓ కణాల మీద ఈ రెండూ లేవు కాబట్టి వాటిని ఎవరికైనా ఇవ్వవచ్చని అందరూ అనుకుంటారు. కొద్దిమందికి ఆ హెచ్ కూడా ఉండదు. 1952లో డాక్టర్ భెండే, ఆయన సహచరులు బొంబాయిలో గుర్తించి ప్రకటించారు కాబట్టి దీనికి బాంబే బ్లడ్ గ్రూప్ అని పేరు. వీళ్ళ రక్తంలో హెచ్‌కు వ్యతిరేకంగా బలమైన యాంటీబాడీ ఉంటుంది. హెచ్ అందరికంటే ఎక్కువగా ఉండేది ఓ కణాల మీదే. అందరికీ పనికొస్తుందనుకునే రక్తమే వీళ్ళ పాలిట విషం.

స్లైడు మీద యాంటీ-ఏ, యాంటీ-బి చుక్కలు వేసి చూస్తే వీళ్ళ రక్తం దేనికీ ముద్ద కట్టదు. ఓ అని రాసేస్తారు. బయటపడేది రివర్స్ గ్రూపింగ్‌లోనే. రోగి సీరమ్‌లో మనకు తెలిసిన ఏ, బి, ఓ కణాలు విడివిడిగా వేసి చూడాలి. మామూలు ఓ మనిషి సీరమ్ ఓ కణాలను ముట్టదు. ఈమె సీరమ్‌లో మూడూ ముద్ద కట్టాయి. యాంటీ-హెచ్ లెక్టిన్‌తో ఆమె కణాలు ముద్ద కట్టలేదు. దాంతో అనుమానం తీరిపోయింది.

ఆపరేషన్ వాయిదా వేశాను. రక్తస్రావం ఆగడానికి మాత్రలు, నరానికి ఐరన్ ఇంజెక్షన్లు ఇచ్చాం. కొన్ని వారాల్లో హిమోగ్లోబిన్ 10 దాటింది. ఈలోగా తోబుట్టువులను పిలిపించాను. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఈ లోపం దాగి ఉంటేనే బిడ్డలో బయటపడుతుంది. అప్పుడు ఒక్కో బిడ్డకు నాలుగింట ఒక వంతు అవకాశం. ఈమె తల్లి సొంత మేనమామనే చేసుకుంది. మా వైపు ఇది మామూలు సంబంధమే. కుప్పంలో ఉండే అన్నది కూడా బాంబే గ్రూపే అని తేలింది. ఆయన రక్తం సిద్ధం చేయించాం. రక్తసంబంధీకుల రక్తాన్ని రేడియేషన్ ఇచ్చాకే ఎక్కించాలి. లేకపోతే దాత తెల్లకణాలు రోగి ఒంట్లో పాతుకుని ఆ ఒంటి మీదే తిరగబడే ప్రమాదం ఉంది. అదృష్టవశాత్తు ఆపరేషన్‌లో ఆ బ్యాగు అవసరం పడలేదు.

డిశ్చార్జి రోజు ఆమె ఒంటరిగా వచ్చి ఒక మాట అడిగింది. స్కూల్లో చేసిన పరీక్షలో కొడుకుది బి అని వచ్చిందట. ఇద్దరిదీ ఓ అయితే బి బిడ్డ పుట్టడని ఎవరో చదువుకున్నాయన ఇంట్లో అన్నాడట. అప్పటినుంచి అత్తగారు సరిగ్గా మాట్లాడటం లేదు. భర్తనూ అత్తగారినీ పిలిచి కూర్చోబెట్టాను. ఈమె ఓ కాదు. బి జన్యువు ఈమెలో ఉంది, హెచ్ లేక పైకి కనబడలేదు. బిడ్డకు హెచ్ తండ్రి నుంచి వచ్చింది, బి తల్లి నుంచి వచ్చింది. వాళ్ళ ఎదుటే కార్డులో ‘ఓ పాజిటివ్’ కొట్టేసి, ‘బాంబే గ్రూప్, ఓ రక్తం ఎక్కించరాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద ఆ పిల్లవాడి గ్రూపు ఎలా వచ్చిందో కూడా రాసి సంతకం పెట్టి ఇచ్చాను.