అరవై రోజుల పని, పదకొండు రోజుల ఎదురుచూపు: డాలర్లు మన ఖాతాలోకి వచ్చే దారి

పోయిన ఆదివారం మీటింగు అయ్యాక మన వీధి అమ్మాయి ఒకతె నన్ను పక్కకు పిలిచి, "మామా, అమెరికా వాళ్ళకు వెబ్‌సైటు చేసిచ్చాను, ఆరువందల డాలర్లు పంపుతారట. ఏ దారిలో తెప్పించుకోవాలి?" అని అడిగింది. నిలబడి చెప్పే మాట కాదని ఇంటికొచ్చి రాస్తున్నాను. హోసూరులో ఇలాంటి పని చేసుకునే పిల్లలు మనలో ఇంకా ఉన్నారు కాబట్టి అందరికీ పనికొస్తుంది.

ముందు నా అనుభవం చెప్తాను. నాలుగేళ్ళ కిందట రెండు నెలలు కూర్చుని చేసిన పనికి ఒక క్లయింటు గురువారం నాడు బ్యాంకు ద్వారా డాలర్లు పంపాడు. సోమవారానికి వస్తాయి, అబ్బాయి హాస్టల్ ఫీజు కట్టేద్దాం అని ధీమాగా ఉన్నాను. సోమవారం రాలేదు, బుధవారమూ రాలేదు. ఫీజు గడువు శుక్రవారం. చివరికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి కట్టాం. డబ్బు ఖాతాలో పడింది పదకొండో రోజున.

తీరా చూస్తే డబ్బు సోమవారమే మన బ్యాంకుకు చేరింది. ఆగిపోవడానికి కారణాలు రెండు. ఒకటి, పేరు. పాస్‌బుక్కులో నా ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది. క్లయింటు పాన్ కార్డు చూసి ఇంటిపేరు పూర్తిగా రాశాడు. తమిళనాడులో ఉన్న మన వాళ్ళలో చాలామందికి ఇదే తంటా: స్కూల్లో ఇనీషియల్, పాన్‌లో పూర్తి పేరు, ఆధార్‌లో ఇంకో వరస. రెండోది, పర్పస్ కోడ్. విదేశాల నుంచి వచ్చే ప్రతి డబ్బూ దేనికోసం వచ్చిందో బ్యాంకు రిజర్వు బ్యాంకు కోడ్‌తో నమోదు చేయాలి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి P0802. అది అడుగుతూ బ్యాంకు పంపిన ఉత్తరం నేను ఏనాడో వాడటం మానేసిన ఈమెయిల్‌కు పోయింది. పైగా రూపాయిల్లోకి మార్చింది డబ్బు చేరిన రోజు రేటుతో కాదు, నేను కాగితాలిచ్చిన రోజు రేటుతో.

అందుకే మొదటి మాట: ఖాతా మీద పేరు ఎలా ఉందో అక్షరం అక్షరం ఇన్వాయిసులో అలాగే రాయండి. బ్యాంకులో ఫోను, ఈమెయిల్ సరి చేయించుకోండి. ఏ పని, ఏ కోడ్ అన్నది డబ్బు బయలుదేరకముందే బ్రాంచిలో చెప్పి ఉంచండి.

ఇక ఖర్చు సంగతి. అందరూ "ఫీజు ఎంత?" అని అడుగుతారు. ఫీజు కంటికి కనబడుతుంది. రేటులో తగ్గించేది కనబడదు. ఆ అమ్మాయి ఆరువందల డాలర్లనే తీసుకుని లెక్క వేద్దాం. ఆ రోజు మార్కెట్లో డాలరు 85 రూపాయలు అనుకోండి. ఎవరూ ఏమీ కోసుకోకపోతే 51,000 రావాలి. కింద రాసినవి నా పాత స్టేట్‌మెంట్లలో కనబడిన తరహా కోతలు.

మొదటి దారి, బ్యాంకు నుంచి బ్యాంకుకు స్విఫ్ట్. క్లయింటు బ్యాంకుకూ మన బ్యాంకుకూ నేరుగా లావాదేవీ లేకపోతే మధ్యలో ఇంకో బ్యాంకు ఉంటుంది. అది 20 డాలర్లు కోసుకుంటే మనకు చేరేది 580. మన బ్యాంకు 85కి కొనదు, తన కొనుగోలు రేటు 83.80 అంటుంది. అంటే 48,604. అందులో మార్పిడి మీద జీఎస్టీ సుమారు 87, బ్యాంకు ఛార్జీ జీఎస్టీతో కలిపి 236 పోతే చేతికి 48,281. మొత్తం 2,719 పోయింది. అందులో బ్యాంకు "ఛార్జీలు" అని చీటీలో చూపించేది 323 మాత్రమే.

రెండో దారి, ఈమెయిల్ చాలు అనే వాలెట్లు. క్లయింటుకు చాలా సుఖం. కానీ 4.4 శాతం, పైన 30 సెంట్లు ఫీజు పోతే 573.30 డాలర్లు మిగులుతాయి. రేటు మార్కెట్ కంటే 4 శాతం తక్కువ, అంటే 81.60. చేతికి 46,781. పోయింది 4,219.

మూడో దారి, మన పేరు మీద అమెరికాలో ఖాతా నంబరు ఇచ్చే సేవలు. క్లయింటు తన ఊళ్ళో ఇంకొకరికి పంపినట్టే ఏసీహెచ్‌లో పంపుతాడు, మధ్య బ్యాంకు ఉండదు. ఫీజు ఒక శాతం, దాని మీద జీఎస్టీ, రేటు మార్కెట్ రేటే అయితే చేతికి 50,398. పోయింది 602. ఆలస్యం మాత్రం ఉంటుంది: ఏసీహెచ్‌కు ఒకటి నుంచి మూడు పనిదినాలు, ఇక్కడికి చేరడానికి ఇంకో రోజు. అక్కడి సెలవులు, ఇక్కడి సెలవులు రెండూ లెక్కలోకి వస్తాయి.

వీటిని పోల్చడానికి నేను వాడే పద్ధతి ఒక్కటే. చేతికొచ్చిన రూపాయలను ఇన్వాయిసులో రాసిన డాలర్లతో భాగించండి. స్విఫ్ట్‌లో డాలరుకు 80.47, వాలెట్లో 77.97, మూడోదాంట్లో 84. ఇక ఫీజు అనీ రేటు అనీ ఎవరు ఏ పేరు పెట్టి కోసినా ఈ అంకె అబద్ధమాడదు. నేను ప్రతి పేమెంటుకూ దీన్ని డైరీలో రాసుకుంటాను. ఈ ఫీజులు, రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి మీ పేమెంటుతో మీరే వేసుకోవాలి.

అయితే స్విఫ్ట్ ఎప్పుడూ చెడ్డదని కాదు. ఆ 20 డాలర్ల కోత 600 మీద ఎంతో 3,000 మీదా అంతే. పెద్ద మొత్తమైతే బ్రాంచి మేనేజరు ద్వారా ఫారెక్స్ డెస్కును రేటు అడగొచ్చు. 83.80 బదులు 84.70 ఇస్తే 3,000 డాలర్ల మీద స్విఫ్ట్‌కూ మూడో దారికీ తేడా వంద, నూటయాభైకి వస్తుంది. అడగకపోతే దాదాపు రెండువేల ఎనిమిదివందలు నష్టం. అందుకే స్విఫ్ట్ అయితే రెండు నెలలది కలిపి ఒకేసారి తెప్పించుకోవడం మేలు.

డబ్బు తక్కువగా వచ్చినా, రాకపోయినా క్లయింటును స్విఫ్ట్ కాపీ అడగండి. పంపిన బ్యాంకు ఇచ్చే రసీదు అది. అందులో ఛార్జీల చోట SHA లేదా SHAR అని ఉంటే దారి ఖర్చులు మన వంతు, OUR లేదా DEBT అని ఉంటే పంపినవాడి వంతు. UETR అనే పొడవాటి నంబరు కూడా ఉంటుంది. దాన్ని ఇస్తే డబ్బు ఏ బ్యాంకులో ఆగిందో మన బ్యాంకు వెతికి చెప్పగలదు. నాకు ఆ సంగతి తెలిసుంటే నాలుగో రోజే విషయం తేలేది.

ఇంకొక్కటి. ఏ దారైనా సరే, డబ్బు విదేశం నుంచి వచ్చిందని రుజువు చేసే FIRA కాగితం తీసుకుని దాచుకోండి. ఇన్‌కమ్ ట్యాక్సు వాళ్ళడిగినా, రేపు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని ఎగుమతి అని చూపాలన్నా అదే ఆధారం. ఏ సేవలోనైనా చేరేముందు ఆ కాగితం ఇస్తారా, ఎంత తీసుకుంటారు అని అడగండి.

ఆ అమ్మాయికి మూడో దారి చెప్పాను. కానీ దానికంటే ముందు ఈ వారమే బ్యాంకుకు వెళ్ళి పాస్‌బుక్కులో ఇంటిపేరు పూర్తిగా రాయించుకోమన్నాను. వాళ్ళ నాన్నగారి ఇనీషియల్‌తో ఉందట, నాలాగే. మీలో ఎవరి పాస్‌బుక్కు అలా ఉన్నా ఇప్పుడే తీసి చూసుకోండి. గాజులు విడిపించడానికి మేము కట్టిన వడ్డీ చిన్నదే. కానీ ఆ శుక్రవారం మా ఆవిడ వాటిని తీసి ఇస్తూ ఏమీ అనలేదు చూడండి, అది మాత్రం ఇప్పటికీ గుర్తుంది.