బొమ్మ మెడ మీద గులాబీ ఛాయ

అమీర్‌పేటలోని ఆ బొటిక్‌కు నేను వెళ్లింది బట్టలు చూడటానికి కాదు, దానికి వచ్చిన ఒక ఫిర్యాదు మెయిల్ చూడటానికి. పేరు రాయకూడదన్న షరతు మీద యజమానురాలు ఆ మెయిల్ చదవనిచ్చారు. ఫొటోలు తీసే గది, వాటిని దిద్దే కంప్యూటర్ కూడా చూపించారు. రాసినావిడ విజయవాడ నుంచి మంగళగిరి పట్టు అనార్కలి ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నారు. రంగు నెమలికంఠం. ఫొటోలో అది మెరిసిపోయే లేత నీలిపచ్చ. పార్శిల్‌లో వచ్చింది బాగా ముదురు నీలం, మడతల్లో మాత్రమే పచ్చ తేలుతుంది. మొదటి మెయిల్‌కు బొటిక్ ఇచ్చిన జవాబు మనందరికీ కంఠతా వచ్చినదే: స్క్రీన్‌ను బట్టి రంగు కొద్దిగా మారవచ్చని పేజీ కింద రాశాం కదా, అని. రెండో మెయిల్‌లో ఆవిడ రాసిన వాక్యమే నన్ను అక్కడికి రప్పించింది. "రంగు కొంచెం తేడాగా ఉందని కాదండీ, ఫొటోలో ఉన్న రంగు బట్ట మీ దగ్గర ఎప్పుడూ లేదని రాస్తున్నాను."

ఈ మాట కోపంతో అన్నది కాదు, రుజువులతో అన్నది. ఆ అనార్కలి నాలుగు రంగుల్లో అమ్మకానికి ఉంది: రాణి, నెమలికంఠం, ఆవపిండి, గంధం. ఆవిడ నాలుగు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి పంపారు. నాలుగింటిలోనూ కుచ్చులు ఒకేలా పడ్డాయి. ఎడమ చేతి దగ్గర జరీ అంచు ఒకేచోట మడతపడింది. నాలుగు వేర్వేరు డ్రెస్సులను బొమ్మకు తొడిగితే ఇది జరగదు. అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకొకటి ఉంది. బొమ్మ తెల్లటిది. దాని గడ్డం కింద, మెడ ముందు భాగంలో లేత గులాబీ ఛాయ కనిపిస్తోంది. రాణి రంగు బట్ట మీద పడిన వెలుగు తిరిగి మెడ మీద పడితే వచ్చే ఛాయ అది. నెమలికంఠం ఫొటోలోనూ ఆ గులాబీ అలాగే ఉంది. ఎడిటర్ డ్రెస్ చుట్టూ గీత గీసి లోపలి రంగు మార్చాడు గానీ, ఆ డ్రెస్ మెడ మీదికి విసిరిన రంగు గీతకు బయట ఉండిపోయింది. తెల్ల కాగితం పక్కన పెట్టి పగటి వెలుతురులో తీసిన అసలు డ్రెస్ ఫొటోను కూడా ఆవిడ జతచేశారు.

ఎడిటింగ్ గదిలో కనిపించింది మెయిల్‌లోని ప్రతి ముక్కనూ నిజం చేసింది. కెమెరా ముందుకు వచ్చింది రాణి రంగు పీస్ ఒక్కటే. మిగతావి అప్పటికి టైలర్ల దగ్గరే ఉన్నాయి. వాటి రంగుల పేర్లు వాట్సాప్‌లో ఎడిటర్‌కు వెళ్లాయి, ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌తో తీసిన గుడ్డముక్కల ఫొటోతో సహా. అతను డ్రెస్‌ను ఎంచుకుని Hue/Saturation పెట్టెలో మొదటి గీటును జరుపుతాడు. అరనిమిషంలో రాణి కాస్తా నీలిపచ్చ అవుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ పద్ధతిలో రంగు మారుతుంది గానీ వెలుగునీడలు పాత బట్టవే మిగులుతాయి. రాణి రంగు మధ్యస్థంగా వెలిగే రంగు, నెమలికంఠం సహజంగానే ముదురు. రాణి వెలుగును అలాగే ఉంచి నీలం పులిమితే అది అసలు బట్ట కంటే లేతగా, మెరుపుగా కనిపించక తప్పదు. ఆ పెట్టెలోనే ఉన్న Lightness గీటుతో చీకటి చేయవచ్చు, కానీ అలా చేస్తే మొత్తానికి నలుపు కలిసి జరీ పక్కన బట్ట చదునుగా, చచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే దాన్ని ముట్టుకోనని ఎడిటర్ దాచకుండా చెప్పాడు. పైగా నెమలికంఠం ఒక్క రంగు కాదు. ఆ బట్టలో పడుగు నీలం, పేక పచ్చ. మడత తిరిగిన చోటల్లా రెండింటిలో ఒకటి పైకి తేలుతుంది. పడుగూ పేకా ఒకే రంగున్న రాణి పీస్ ఫొటోలో ఆ ఆట లేదు. లేనిదాన్ని ఏ గీటూ పుట్టించలేదు.

ఇప్పుడు స్క్రీన్ వాదన సంగతి చూద్దాం. దానిలో నిజం లేకపోలేదు. కొన్ని ఫోన్లు రంగులను గాఢంగా చూపిస్తాయి, రాత్రి మోడ్ పసుపు పులుముతుంది. కొన్ని నీలిపచ్చలను మామూలు తెర పూర్తిగా చూపలేదు కూడా. అయితే తెర చేసే తప్పు ఫొటోలోని అన్నిటి మీదా పడుతుంది. డ్రెస్ మారితే వెనక తెల్ల గోడ, జరీ, బొమ్మ మెడ కూడా అదే దిక్కుకు మారాలి. ఇక్కడ గోడ తెల్లగానే ఉంది, జరీ బంగారంగానే ఉంది, డ్రెస్ ఒక్కటే వేరే ఊరికి పోయింది. తెర చూపలేని రంగుల విషయానికొస్తే, అప్పుడు ఫొటో వెలవెలబోయి బట్ట మెరవాలి. ఈ కేసులో జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. కాబట్టి పేజీ కింది హెచ్చరిక ఈ తప్పును కప్పదు. అది కొనేవారి తెర గురించి చెప్పిన మాట, అమ్మేవారి చేతిపని గురించి చెప్పింది కాదు.

యజమానురాలు ఇంకో అభ్యంతరం చెప్పారు, దాన్ని తేలిగ్గా తీసేయలేం. చేనేత బట్టకు రంగు అద్దకంలో ఒక విడతకూ మరో విడతకూ తేడా వస్తుంది. నిజమైన పీస్‌నే ఫొటో తీసినా రేపటి స్టాక్ దానికి అచ్చుగుద్దినట్టు ఉండదు, అలాంటప్పుడు ఇంత శ్రమ ఎందుకు, అని. విడతల తేడా నిజమే, కానీ అది ఒకే రంగులో పక్కపక్క మెట్ల తేడా. దాన్ని కొనేవారు సర్దుకుంటారు, చేనేత కొనేవారైతే మరీను. లేత నీలిపచ్చ చూపి ముదురు నీలం పంపడం ఆ కోవలోకి రాదు. ఖర్చు సంగతీ చెప్పారు: ప్రతి పీస్‌నూ ఇస్త్రీ చేసి, తొడిగి, లైట్లు సర్ది తీయాలంటే చిన్న దుకాణానికి రోజంతా పోతుంది. ఒప్పుకుంటాను. కానీ దానికీ దీనికీ మధ్య దారి ఉంది. ప్రతి రంగుదీ అరచేయంత గుడ్డముక్కను, రాణి పీస్ తీసిన అవే లైట్ల కింద, గ్రే కార్డ్ పక్కన పెట్టి, ఒకసారి చదునుగా, ఒకసారి మడతపెట్టి తీస్తే చాలు. మార్చిన ఫొటో పక్కన ఆ ముక్క ఫొటో పెట్టి, డ్రెస్ మీది రంగు కంప్యూటర్‌లో వేసింది, అసలు రంగు ఈ ముక్కది అని ఒక్క వాక్యం రాస్తే అమ్మకానికి వచ్చే నష్టమేమీ లేదు. రంగు మార్చడం నేరమని నేననను, చెప్పకపోవడమే తప్పు.

చట్టమూ కొనేవారి పక్షానే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చూపిన లక్షణాలు సరుకులో లేకపోతే అమ్మేవారు దాన్ని వెనక్కి తీసుకోననో, డబ్బు ఇవ్వననో అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ అనార్కలికి డబ్బు మొత్తం తిరిగివ్వాలి, తప్పు బొటిక్‌ది గనుక వెనక్కి పంపే కొరియర్ ఖర్చు కూడా వాళ్లే పెట్టుకోవాలి. యజమానురాలితోనూ ఇదే మాట అన్నాను. మీకూ ఇలాంటి పార్శిల్ వస్తే ట్యాగు తెంపకండి, ఒక్కసారి కూడా తొడగకండి. కిటికీ దగ్గర తెల్ల కాగితం పక్కన పెట్టి ఫొటో తీయండి, ఆ డ్రెస్ అమ్మే పేజీలోని అన్ని రంగుల ఫొటోలనూ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, ఎందుకంటే ఫిర్యాదు వెళ్లాక ఆ పేజీ మారిపోవచ్చు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915.